రిజిస్ట్రేషన్ అయ్యాక రాయాల్సిన ఉత్తరం

క్రయ దస్తావేజు చివరి పేరాల్లో ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఈ ఆస్తికి సంబంధించిన లింకు దస్తావేజులన్నీ నేడే మీకు ఒప్పజెప్పామని అమ్మేవారు కొనేవారితో చెప్పే వాక్యం అది. దస్తావేజు లేఖరి దగ్గర సిద్ధంగా ఉండే నమూనాలో అది ముందే టైపు చేసి ఉంటుంది. నిజంగా ఒప్పజెప్పారా, ఏమేం ఒప్పజెప్పారు అని ఆ హడావిడిలో ఎవరూ ఆగి చూడరు. ఫొటోలు, వేలిముద్రలు అయిపోతాయి. చెక్కులు చేతులు మారతాయి. అమ్మినాయన ఒక ప్లాస్టిక్ కవరు అందించి, "మిగతావి బ్యాంకు నుంచి రాగానే నేనే తెచ్చిస్తానండీ" అంటారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అనవచ్చు. కానీ అది ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉన్నదల్లా, అన్నీ ఇచ్చేశామన్న ఆ వాక్యమే.

ఈ తేడాను సరిచేసేది ఒక చిన్న ఉత్తరం. రిజిస్ట్రేషన్ అయిన రెండు మూడు రోజుల్లో కొన్నవారు అమ్మినవారికి రాయాలి. మీ నుంచి ఫలానా కాగితాలు అందాయి, ఫలానావి ఇంకా అందాలి, వాటిని ఫలానా తేదీలోగా ఇప్పించండి అని చెప్పే ఉత్తరం. దీనికి లాయరు అక్కర్లేదు, స్టాంపు పేపరు అక్కర్లేదు. అయినా మన దగ్గర ఇది రాసేవాళ్లు చాలా తక్కువ. అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమోనని మొహమాటం. ఈ మొహమాటం ఖరీదు ఏమిటో తెలియాలంటే, ఒరిజినల్ కాగితం పరాయి చేతిలో ఉంటే ఏం జరగగలదో ముందు చూడాలి.

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులోని 58వ సెక్షన్ తాకట్టుల రకాలు చెబుతుంది. వాటిలో ఒకటి హక్కు పత్రాలను అప్పిచ్చినవారి దగ్గర పెట్టడం ద్వారా ఏర్పడే తాకట్టు. అప్పు తీసుకునే మనిషి తన ఆస్తి దస్తావేజును హామీగా ఉంచాలన్న ఉద్దేశంతో అప్పిచ్చేవారి చేతిలో పెడితే చాలు, తాకట్టు ఏర్పడినట్టే. విడిగా తాకట్టు పత్రం రాసుకోనక్కర్లేదు. దస్తావేజు అందజేసిన ఊరు ఈ సెక్షన్ పేర్కొన్న పట్టణాల్లోనో, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణాల్లోనో ఒకటై ఉండాలి. ఆస్తి మాత్రం ఆ ఊళ్లోనే ఉండాలని లేదు.

బ్యాంకులు మన రాష్ట్రాల్లో సాధారణంగా ఈ డిపాజిట్‌కు ఒక మెమోరాండం రాయించి రిజిస్టరు చేయిస్తాయి. కాబట్టి అది ఈసీలో కనిపిస్తుంది. బ్యాంకుల, ఫైనాన్స్ సంస్థల తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ కూడా ఉంది, రుసుము కట్టి ఎవరైనా అందులో వెతకవచ్చు. కానీ వడ్డీకిచ్చే ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర దస్తావేజు పెట్టి అప్పు తీసుకుంటే, దాన్ని ఎవరూ రిజిస్టరు చేయించకపోతే, ఆ సంగతి ఈసీలోనూ రాదు, సెర్సాయ్‌లోనూ రాదు. ఈసీ శుభ్రంగా ఉందంటే రిజిస్టరైన లావాదేవీల్లో భారమేమీ లేదని మాత్రమే అర్థం. ఆ ఒరిజినల్ ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో ఈసీ చెప్పదు. అందుకే పాత ఒరిజినల్ అడగడం ఫైలు నిండుగా కనిపించడం కోసం చేసే పని కాదు.

అడిగే హక్కు కొన్నవారికి చట్టమే ఇచ్చింది. అదే చట్టంలో 55వ సెక్షన్ మూడో క్లాజు ప్రకారం, పైకం మొత్తం ముట్టిన అమ్మకందారు తన దగ్గర ఉన్న, లేదా తాను తెప్పించగలిగిన హక్కు పత్రాలన్నీ కొన్నవారికి ఇచ్చి తీరాలి. వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప ఇది అమ్మినవారి బాధ్యత. ఇందులో పైకం మొత్తం అన్న మాట గుర్తుంచుకోవాలి. కాగితాలు వచ్చేదాకా లక్షో రెండు లక్షలో ఆపి ఉంచుకుంటామనే పద్ధతి చాలాచోట్ల ఉంది. మంచిదే, కానీ ఆ సంగతి అగ్రిమెంటులోనూ దస్తావేజులోనూ అలాగే రాయించాలి. దస్తావేజులో పైకమంతా ముట్టిందని రాయించి, చేతిలో మాత్రం లక్ష ఆపుకుంటే, రేపు మాట తేడా వచ్చినప్పుడు ఇద్దరి కాగితాలూ అబద్ధమే చెబుతాయి.

ఈ క్లాజుకు ఒక మినహాయింపు ఉంది, చాలామంది పొరపాటుపడేది ఇక్కడే. ఒకే దస్తావేజు కింద ఉన్న స్థలంలో కొంత భాగాన్ని అమ్మి మిగతాది తానే ఉంచుకున్న అమ్మకందారు, ఆ ఒరిజినల్‌ను తన దగ్గరే ఉంచుకోవచ్చు. మొత్తాన్ని ముక్కలుగా పలువురికి అమ్మేస్తే, అందులో ఎక్కువ విలువైన ముక్క కొన్నవారికి ఒరిజినల్ దక్కుతుంది. మిగిలినవారికి ఉన్న హక్కు వేరు. వాళ్లు సహేతుకంగా అడిగినప్పుడల్లా, వాళ్ల ఖర్చు మీద, ఆ ఒరిజినల్‌ను చూపించాలి, నకళ్లు ఇవ్వాలి, దాన్ని చెడిపోకుండా భద్రపరచాలి. అంటే కొన్ని కాగితాలను ఇమ్మని అడగాలి, కొన్నింటిని చూపించమని మాత్రమే అడగాలి. ఉత్తరం రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తే, ఇవ్వాల్సిన పనిలేని కాగితం గురించి వాదన మొదలై, ఇచ్చి తీరాల్సిన కాగితం వెనకబడిపోతుంది.

ఒక ఉదాహరణ కల్పించుకుని అడుగడుగునా చూద్దాం. తెనాలిలో 200 చదరపు గజాల స్థలంలో ఒక పాత ఇల్లు. 1986లో ఒక పెద్దాయన 400 గజాలు కొన్నారు. 2009లో ఆయన కొడుకులిద్దరూ భాగ పరిష్కార దస్తావేజు రాసుకుని చెరో 200 గజాలు తీసుకున్నారు. 2014లో తమ్ముడు తన వాటాను ఇప్పటి అమ్మకందారుకు అమ్మారు. ఆయన గృహరుణం తీసుకుని కొన్నారు. 2025 నవంబరు 12న ఆయన దాన్ని మన కొనుగోలుదారుకు రిజిస్టరు చేశారు. అప్పటికి బ్యాంకు అప్పు ఇంకా 9,40,000 రూపాయలు ఉంది. ఆ మేరకు కొన్నవారు ఆ రుణఖాతాకే నేరుగా డీడీ కట్టి, మిగిలిన పైకం అమ్మినాయన ఖాతాలో వేశారు.

ఇప్పుడు కొన్నవారి చేతికి వచ్చిన కవరులో ఏముంది? 1986 దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ. 2009 భాగ పరిష్కారానికి జిరాక్సు. 2014 దస్తావేజుకూ జిరాక్సే. ఇంటి ప్లాను మంజూరు పత్రం, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లు. చూస్తే కవరు లావుగానే ఉంది. హక్కును మోసే మూడు పాత దస్తావేజుల్లో ఒక్కటి కూడా ఒరిజినల్ లేదు.

ఈ మూడూ మూడు రకాలు. 2014 దస్తావేజు బ్యాంకులో ఉంది. అప్పు తీరింది కాబట్టి అది రావాలి, దాని మీద సందేహం లేదు. 1986 దస్తావేజు అన్నగారి దగ్గర ఉంది. ఆయనకు ఇంకా 200 గజాలు అదే దస్తావేజు కింద ఉన్నాయి. అమ్మినాయన చేతిలో అది ఎప్పుడూ లేదు, ఇవ్వమని ఆయన్ని నిలదీయడంలో అర్థం లేదు. ఇక్కడ చదవాల్సింది 2009 భాగ పరిష్కారం. పాత ఒరిజినల్ ఎవరి దగ్గర ఉండాలి, అవసరమైనప్పుడు రెండోవారికి చూపించాలా అన్న షరతు మంచి లేఖరి రాసిన భాగ పరిష్కారాల్లో ఉంటుంది. మన ఉదాహరణలో ఉంది. 1986 దస్తావేజు అన్న దగ్గర ఉండాలి, తమ్ముడికి గానీ ఆయన తర్వాతి హక్కుదారులకు గానీ కావలసినప్పుడు చూపించాలి అని రాసుకున్నారు. అలాగే భాగ పరిష్కారాన్ని రెండు ప్రతులుగా రిజిస్టరు చేయించి, అసలు ప్రతి అన్న, డూప్లికేటు తమ్ముడు తీసుకున్నారు. ఆ డూప్లికేటు మీద కూడా రిజిస్ట్రేషన్ ముద్రలు ఉంటాయి, దాని విలువ జిరాక్సు విలువ కాదు. 2014లో తమ్ముడు అమ్మినప్పుడు అది స్థలంతో పాటు రావాలి. వచ్చిందా? అమ్మినాయన "బ్యాంకుకు ఇచ్చేశాననుకుంటానండీ" అన్నారు. అసలు చిక్కు ఈ కాగితం దగ్గరే ఉంది.

ఉత్తరం రాసే ముందు కవరులోని ప్రతి కాగితాన్నీ వెలుగులో పెట్టి చూడాలి. రంగు జిరాక్సు ఇప్పుడు ఎంత బాగా వస్తోందంటే, కవరు తెరిచి తలూపేసేవారు తేడా పట్టలేరు. పాత దస్తావేజు స్టాంపు పేపరు వెనకవైపు తిప్పి చూడాలి. సబ్ రిజిస్ట్రార్ ఎండార్స్‌మెంటు, దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు సీలు అక్కడ ఉంటాయి. సంతకాల దగ్గర పెన్ను ఒత్తిడి వెనకవైపు వేలికి తగులుతుంది, సీలు సిరా కాగితంలోకి ఇంకి ఉంటుంది. జిరాక్సులో అన్నీ ఒకే నునుపుతో ఉంటాయి. సర్టిఫైడ్ కాపీ మీద అది నకలని, ఏ తేదీన ఇచ్చారో రాసి ఆఫీసు ముద్ర వేస్తారు. కోర్టులో అది పనికొస్తుంది, ఒరిజినల్ ఎక్కడుందన్న ప్రశ్నకు మాత్రం జవాబివ్వదు. దస్తావేజు ఎన్ని షీట్లో మొదట్లోనో అంచుల్లోనో రాసి ఉంటుంది. ఆ లెక్క ప్రకారం షీట్లన్నీ ఉన్నాయా, ప్లాను జతచేసి ఉందా లెక్కపెట్టాలి. అందినవి అని మీరే సంతకం పెట్టి రాస్తున్నారు కాబట్టి, జిరాక్సును ఒరిజినల్ అని రాస్తే ఆ తప్పు మీ మీదికే వస్తుంది.

ఇక ఉత్తరం. మన కొనుగోలుదారు నవంబరు 14న ఇలా రాయవచ్చు.

"గౌరవనీయులైన అమ్మకందారు గారికి, నమస్కారం. ఈ నెల 12వ తేదీన తెనాలి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో మీరు మా పేరున రిజిస్టరు చేయించిన క్రయ దస్తావేజు ప్రకారం 200 చదరపు గజాల స్థలం, అందులోని ఇల్లు మాకు స్వాధీనం చేశారు. పైకం పూర్తిగా మీకు ముట్టింది. అందులో 9,40,000 రూపాయలు మీ గృహరుణ ఖాతాకు డీడీ ద్వారా చెల్లించాము. ఇంటి తాళాలు అందాయి. అన్నీ సజావుగా జరిపించినందుకు మీకు ధన్యవాదాలు.

మీ నుంచి మాకు అందిన కాగితాలు: 1986 నాటి క్రయ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, 8 షీట్లు. 2009 నాటి భాగ పరిష్కార దస్తావేజు జిరాక్సు, 14 షీట్లు. 2014లో మీ పేరున అయిన క్రయ దస్తావేజు జిరాక్సు, 11 షీట్లు. ఇంటి ప్లాను మంజూరు పత్రం ఒరిజినల్, ప్లానుతో సహా. ఈ అర్ధ సంవత్సరం వరకు ఇంటిపన్ను రసీదులు, అక్టోబరు కరెంటు బిల్లు చెల్లించిన రసీదు.

ఇంకా అందవలసినవి: ఒకటి, 2014 క్రయ దస్తావేజు ఒరిజినల్. ఇది బ్యాంకులో ఉందని మీరు చెప్పారు. రెండు, 2009 భాగ పరిష్కారం డూప్లికేటు ప్రతి. ఇది కూడా బ్యాంకులో ఉండవచ్చని మీరన్నారు. మూడు, అప్పు పూర్తిగా తీరినట్టు బ్యాంకు ఇచ్చే లేఖ, 2014లో మీరు బ్యాంకుకు ఇచ్చిన పత్రాల జాబితా ప్రతి, తాకట్టు తొలగించినట్టు రిజిస్టరైన పత్రం. నాలుగు, 1986 దస్తావేజు ఒరిజినల్ తమ వద్దే ఉన్నదని, అవసరమైనప్పుడు చూపిస్తామని అన్నగారు రాసి ఇచ్చే లేఖ. ఒరిజినల్‌ను ఒకసారి మాకు చూపించే ఏర్పాటు కూడా చేయగలరు.

లింకు దస్తావేజులన్నీ ఒప్పజెప్పినట్టు క్రయ దస్తావేజులో రాసి ఉన్నప్పటికీ, పై నాలుగూ ఇంకా అందలేదన్నది మనిద్దరికీ తెలిసిన విషయమే. ఒరిజినల్స్ తీసుకోవడానికి డిసెంబరు 12వ తేదీలోగా మీకు వీలైన రోజు చెబితే మేమూ బ్యాంకుకు వస్తాము. ఈ కాగితాలు ఏవీ మరెవరి దగ్గరా హామీగా ఉంచలేదని ఈ ఉత్తరం రెండో ప్రతి మీద ఒక్క మాట రాసి సంతకం చేసి పంపగలరు."

ఇంతే. ఇందులో బెదిరింపు లేదు, చట్టం సెక్షన్లు లేవు. అమ్మినవారితో సంబంధం బాగున్నప్పుడు రాసే ఉత్తరం కనుక భాష మర్యాదగానే ఉండాలి. కానీ రెండు వాక్యాలను మొహమాటపడి తీసేయకూడదు. దస్తావేజులో ఏం రాసి ఉన్నా ఇవి అందలేదు అన్నది మొదటిది. ఎవరి దగ్గరా హామీగా లేవని రాసివ్వమని అడిగేది రెండోది. మొదటిదానికి ఆయన సంతకం పెడితే, అన్నీ ఇచ్చేశాను కదా అనే మాటకు అక్కడితో తెరపడుతుంది. రెండోది రాయడానికి ఆయన వెనకాడితే, ఆ వెనకాడడమే మీకు కావలసిన సమాచారం.

ఉత్తరాన్ని చేతికిచ్చి రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోవడం అన్నిటికంటే మేలు. ఆయన వేరే ఊళ్లో ఉంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు వచ్చే వివరం దాచుకోవాలి. దాన్నే ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పంపితే, "చూశానండీ, వచ్చే వారం వెళ్దాం" అని ఆయనిచ్చే జవాబు కూడా ఒక రుజువే. ఆ సంభాషణను చెరిపేయకుండా ఉంచుకోవాలి.

డిసెంబరు 12 అన్న గడువు ఊరికే పెట్టింది కాదు. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వ్యక్తులు తీసుకున్న గృహరుణంలాంటివి పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా బ్యాంకు ఒరిజినల్ పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి, ఏ రిజిస్ట్రీలో తాకట్టు నమోదై ఉన్నా తొలగించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. పత్రాలు బ్యాంకే పోగొడితే, నకళ్లు తెప్పించడంలో సాయం చేసి ఆ ఖర్చూ భరించాలి, అందుకు మరో 30 రోజుల వ్యవధి ఉంటుంది. 2023 డిసెంబరు 1 నుంచి విడుదల కావలసిన పత్రాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. అయితే ఇదంతా అప్పు తీసుకున్న మనిషికీ బ్యాంకుకూ మధ్య. బ్యాంకు ఒరిజినల్స్ ఇచ్చేది రుణగ్రహీతకే. పరిహారం వచ్చినా ఆయనకే వస్తుంది. డీడీ కట్టింది మీరే అయినా, మీరు ఒక్కరే శాఖకు వెళ్లి అడిగితే ఇవ్వరు. కాబట్టి అమ్మినాయన కదలకపోతే గడువు మీద బ్యాంకును నిలదీసే దారి మీకు లేదు. ఇద్దరం కలిసి వెళ్దామని ఉత్తరంలో రాయడం ఇందుకే. ఒరిజినల్ బ్యాంకు కౌంటరు నుంచి ఆయన చేతికి, ఆయన చేతి నుంచి అక్కడే మీ చేతికి రావాలి.

ఉత్తరంలో మూడో అంశంలో అడిగిన పత్రాల జాబితా చిన్న విషయంలా కనిపిస్తుంది. నా దృష్టిలో మొత్తం ఉత్తరంలో పదునైన కోరిక అదే. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు తన చేతికి వచ్చిన ప్రతి పత్రాన్నీ వరసగా రాసి, పక్కన ఒరిజినలో నకలో గుర్తు పెట్టి రుణగ్రహీత చేత సంతకం చేయిస్తుంది. 2009 డూప్లికేటు ఏమైందన్న ప్రశ్నకు ఆ ఒక్క కాగితంలోనే జవాబు ఉంది. జాబితాలో ఒరిజినల్ డూప్లికేటు అని ఉండి, ఇప్పుడు బ్యాంకు ఇవ్వలేకపోతే పోగొట్టింది బ్యాంకు. ఆ బాధ్యత పైన చెప్పిన ఆదేశాల కిందికి వస్తుంది. జాబితాలో జిరాక్సు అని ఉంటే అది ఎప్పుడూ బ్యాంకుకు వెళ్లలేదు.

మన ఉదాహరణలో నవంబరు 28న ఇద్దరూ శాఖకు వెళ్లారనుకుందాం. 2014 ఒరిజినల్ దొరికింది. జాబితాలో భాగ పరిష్కారం పక్కన జిరాక్సు అని ఉంది. అంటే 2014లోనే తమ్ముడు డూప్లికేటు ఇవ్వలేదు, అమ్మినాయన అడగలేదు. పదకొండేళ్ల కింద రాయని ఉత్తరం ఫలితం ఇప్పుడు మూడో మనిషి మీద పడింది.

ఇప్పుడు తమ్ముడిని అడగాలి. అడగాల్సింది అమ్మినాయనే, ఆయనకూ తమ్ముడికీ మధ్య ఉన్న అమ్మకంలోనూ అదే 55వ సెక్షన్ ఉంది. పాత పెట్టెలో దొరికితే సమస్య తీరిపోయినట్టే. దొరకలేదంటే, ఎప్పుడు ఎలా పోయిందో చెప్పగలుగుతున్నారా అన్నది చూడాలి. ఇల్లు మారేటప్పుడు పోయిందనడం ఒకటి, ఒకరి దగ్గర ఉంది కానీ వాళ్లు ఇప్పుడు ఊళ్లో లేరనడం పూర్తిగా వేరు. రెండో జవాబు వస్తే అక్కడే ఆగి, ఆ ఒకరు ఎవరో, ఎందుకు ఇచ్చారో తేల్చుకోవాలి. నిజంగా పోయిందని తేలితే నడవాల్సిన దారి అందరికీ తెలిసిందే. పోగొట్టుకున్నవారు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి, దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. ఒక తెలుగు పత్రికలో, ఒక ఇంగ్లిష్ పత్రికలో ప్రకటన వేయించి, ఈ దస్తావేజు మీద ఎవరికైనా హక్కు ఉంటే ఫలానా గడువులో చెప్పమని అడగాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. ఎవరి దగ్గరా తాకట్టు పెట్టలేదని తమ్ముడు అఫిడవిట్ ఇవ్వాలి. దీనివల్ల ముందుముందు నష్టం వస్తే భరిస్తానని అమ్మినాయన ఇండెమ్నిటీ బాండు రాయాలి.

ఈ కాగితాల పరిమితి కూడా తెలుసుకోవాలి. రేపు ఎవరైనా ఆ డూప్లికేటు పట్టుకొచ్చి నా దగ్గర తాకట్టు ఉందంటే, అఫిడవిట్టూ బాండూ ఆ మనిషి నోరు మూయించలేవు. నష్టాన్ని అమ్మినవారి నుంచి రాబట్టుకునే హక్కు మాత్రమే మీకు ఇస్తాయి. పేపరు ప్రకటనకు అప్పుడు ఎవరూ స్పందించలేదన్నది మీ తరఫున ఒక బలమైన విషయం అవుతుంది. అందుకే ఆ పేపరు పేజీ మొత్తాన్ని, తేదీ కనిపించేలా, మిగతా పత్రాలతో పాటు దాచాలి.

అన్నగారి లేఖ సంగతి ఇంకా సులువు. ఆయనకు పోయేదేమీ లేదు, పైగా భాగ పరిష్కారంలో తానే ఒప్పుకున్న షరతు అది. ఒక ఆదివారం వెళ్లి, 1986 ఒరిజినల్‌ను ఆయన ఎదుటే మీ సర్టిఫైడ్ కాపీతో షీటు షీటుకూ పోల్చి చూసుకుని, ఒరిజినల్ మా దగ్గర ఉంది అని రెండు వాక్యాలు రాయించుకుంటే చాలు. ఆయన చూపించడానికి తటపటాయిస్తే మాత్రం, ఆ 200 గజాల మీద ఆయన ఏదైనా అప్పు తీసుకున్నారేమో ఈసీలో చూడండి. బ్యాంకులో ఉందంటే తప్పేమీ లేదు, ఏ శాఖలో ఉందో రాసిస్తే సరిపోతుంది.

అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నవారికి జాబితా కొంత మారుతుంది. స్థలం తాలూకు మూల దస్తావేజులు ఏ ఒక్క ఫ్లాటు యజమానికీ ఒరిజినల్‌గా రావు. వాటికి నకళ్లు అడగాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టు పత్రాలను, ప్లాన్లను బిల్డరు యజమానుల సంఘానికి అప్పగించాలి కాబట్టి, అవి సంఘం దగ్గర ఉన్నాయా అని అక్కడ విచారించాలి. కానీ మీకు అమ్మినాయన పేరున ఉన్న ఫ్లాటు దస్తావేజు, ఆయనకంటే ముందు ఎవరైనా కొని ఉంటే వారి దస్తావేజు మాత్రం ఒరిజినల్సే రావాలి.

మీరూ గృహరుణం మీద కొంటుంటే ఇంకో మెలిక ఉంది. మీ బ్యాంకు ఇవన్నీ తనకు ఒరిజినల్‌గా కావాలంటుంది. అమ్మినవారి నుంచి వచ్చినవి వచ్చినట్టే అక్కడికి వెళ్లిపోతాయి. ఇచ్చే ముందు ప్రతి షీటూ స్కాన్ చేసుకుని, బ్యాంకు ఇచ్చే పత్రాల జాబితా ప్రతిని అడిగి తీసుకుని, ప్రతి పత్రం పక్కన ఒరిజినల్ అని స్పష్టంగా రాయించుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత మీరు అమ్మేటప్పుడు, మీ కొనుగోలుదారు మిమ్మల్ని అడిగే మొదటి కాగితం అదే అవుతుంది.

నవంబరు 12 దస్తావేజు ఒరిజినల్ సంగతి మరచిపోకూడదు. స్కానింగ్ అయ్యాక రసీదు చూపించి దాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తీసుకోవాలి. లేఖరి దగ్గర ఉందిలే అని నెలల తరబడి వదిలేసేవారు ఉన్నారు. రెండేళ్లు దాటినా ఎవరూ తీసుకోని దస్తావేజులను, వీలునామాలు తప్ప, నాశనం చేయడానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 85వ సెక్షన్ వీలిస్తోంది. తర్వాత ఒకటి రెండు వారాలకు కొత్త ఈసీ తీసి మీ పేరు సరిగా ఎక్కిందా, బ్యాంకు పాత తాకట్టు రద్దయినట్టు కనిపిస్తోందా చూసుకోవాలి. బ్యాంకు లేఖ ఇచ్చినంత మాత్రాన ఈసీలోని పాత తాకట్టు దానంతటదే పోదు. రద్దు పత్రం కూడా రిజిస్టరు కావాలి.

బాకీ కాగితాలన్నీ అందిన రోజున అమ్మినవారికి రెండో ఉత్తరం రాయండి. ఫలానా తేదీ ఉత్తరంలో అడిగినవన్నీ అందాయి, పోయిన ప్రతికి బదులుగా ఫలానా పత్రాలు ఇచ్చారు, మీ నుంచి మాకు ఇంకేమీ రావలసింది లేదు అని. అది ఆయనకు దక్కాల్సిన రసీదు. ఆ రెండు ఉత్తరాల ప్రతులనూ దస్తావేజుతోనే కలిపి ఉంచి, అవి ఎక్కడున్నాయో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి.